తెల్లని దుంప, నల్లని చార

గత నెలలో ఒక ఆదివారం ఉదయం బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోనులో ఒక ఫొటో పంపింది. వంటగది గట్టు మీద రెండు కర్రపెండలం దుంపలు అడ్డంగా కోసి పెట్టి ఉన్నాయి. ఒకదాని లోపలి కండలో సన్నని నీలి నలుపు చారలు చక్రపు ఆకుల వలె పరచుకొని ఉన్నాయి. రెండవది మచ్చ లేకుండా పాలవలె తెల్లగా ఉంది. ఫొటో వెనుకనే సందేశం వచ్చింది. "నాన్నా, ఈ నల్లచారల్లోనే విషం ఉంటుందట కదా? దాన్ని పారేస్తున్నాను. తెల్లగా ఉన్నదాన్ని తోలుతోనే కుక్కరులో ఉడికించి, తర్వాత తొక్క తీసి పులుసులో వేస్తాను."

నేను జవాబు రాయలేదు. వెంటనే ఫోను చేశాను. ఎందుకంటే ఆ చిన్న సందేశంలో రెండు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది, నల్లచార విషానికి గుర్తు కాదు. రెండవది, తెలుపు క్షేమానికి గుర్తు కాదు. ఈ రెండవ పొరపాటు ఎంతవరకు తీసుకుపోగలదో నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో కళ్ళారా చూశాను.

అది 1984వ సంవత్సరం డిసెంబరు నెల. తూర్పుగోదావరి జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పెద్దాపురం, సామర్లకోట పరిసరాలలో సగ్గుబియ్యం మిల్లులు ఉన్న సంగతి ఆ జిల్లావారికి తెలిసినదే. ఆ మిల్లుల కోసం మెట్ట భూములలో కర్రపెండలం విరివిగా వేసేవారు. దుంప తీసే రోజులలో లారీలకు ఎత్తుతుండగా జారిపడినవి, విరిగినవి కూలీలు ఇంటికి తెచ్చుకోవడం మామూలే.

ఒకనాటి సాయంత్రం ఒక కూలీ కుటుంబం ఎడ్లబండిలో వచ్చింది. తండ్రి, తల్లి, తొమ్మిదేళ్ళ కొడుకు, ఆరేళ్ళ కూతురు. నలుగురికీ వాంతులు. పెద్దవాళ్ళు తల తిరుగుతున్నదని, తల పగిలిపోతున్నదని అంటున్నారు. పిల్లవాడు నడవబోయి తూలిపోతున్నాడు. పాపకు ఊపిరి వేగంగా ఆడుతున్నది. పిలిస్తే కళ్ళు తెరుస్తుంది, మళ్ళీ మూసుకుంటుంది. ఏమి తిన్నారని అడిగితే పెండలం దుంప అన్నారు. పాడైన దుంప తిని ఉంటారని తలచి, కేసు కాగితం మీద కలుషితాహారమని రాసి, సెలైన్ పెట్టించి, వాంతులకు సూది వేయించాను.

"పాడైందేమీ కాదండి డాక్టరుగారూ," అన్నది తల్లి, గోడకు చేరగిలబడి. "పొద్దున తీసిన దుంపేనండి. లోపల పాలలాగా తెల్లగా ఉందండి. వారమై ఇంట్లో బియ్యం లేవు. ఇదైనా దొరికిందని పిల్లలకి పెట్టానండి."

ఆ మాటను నేను అప్పుడు సరిగా వినలేదు. ముప్పావు గంట గడిచిన తరువాత బండి తోలుకొచ్చిన మనిషి గుమ్మం దగ్గర నిలబడి, వాళ్ళ మేక కూడా పెరట్లో కాళ్ళు కొట్టుకొని పడిపోయిందని మాటవరసకు చెప్పాడు. దుంపలతో పాటు తెచ్చిన పచ్చి పెండలపు ఆకును అది మేసిందట. అప్పుడు నాకు మెలకువ వచ్చింది. పాడైన వంటలోని క్రిములు ఉడికించిన దుంప తిన్న మనుషులను, పచ్చి ఆకు తిన్న మేకను ఒకే పూట పడగొట్టవు. ఆకులోనూ దుంపలోనూ ఉమ్మడిగా ఉన్నది సైనైడ్. మా దగ్గర దానికి విరుగుడు మందు లేదు. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరు పాపకు పెట్టి, నలుగురినీ జీపులో జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి పంపాను. అక్కడ సోడియం థయోసల్ఫేట్ ఇచ్చారు. నాలుగవనాటికి నలుగురూ నడిచి ఇల్లు చేరారు. మేక మాత్రం ఆ సాయంత్రమే చచ్చిపోయింది.

తరువాత ఆ తండ్రి కృతజ్ఞత చెప్పడానికి వచ్చి ఒక ప్రశ్న అడిగాడు. "ఆ లారీ దుంపే మిల్లులో సగ్గుబియ్యం అవుతుంది గదండీ. ఊరంతా పాయసం చేసుకొని తింటారు. మాకే ఎందుకిలాగయ్యిందండీ?" ఆనాడు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. అతనికి బాకీ పడిన ఆ జవాబే ఈ వ్యాసం.

కర్రపెండలం దుంపలో సైనైడ్ విడిగా ఉండదు. చక్కెర అణువుకు కట్టివేయబడి లినమరిన్ అనే పదార్థంగా ఉంటుంది. దానిని విడగొట్టే ఎంజైమ్ కూడా ఆ దుంపలోనే ఉంటుంది. అయితే ఒకటి కణం లోపల, మరొకటి కణపు గోడలో, వేర్వేరు గదులలో ఉంటాయి. దుంప చెక్కు చెదరకుండా ఉన్నంతసేపు అవి కలుసుకోవు. కత్తి పడినప్పుడు, తురిమినప్పుడు, నలిగినప్పుడు గోడలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడు లినమరిన్ విడిపోయి హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. ఇది 26 డిగ్రీల వేడికే ఆవిరయ్యే పదార్థం. కొంత గాలిలోకి పోతుంది, కొంత నీటిలో కరుగుతుంది. అంటే విషాన్ని బయటకు పంపే ఏర్పాటును ప్రకృతి దుంపలోనే పెట్టింది. మనం చేయవలసిందల్లా ఆ రెండింటినీ కలవనిచ్చి, పుట్టినదానిని పోనివ్వడమే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఎంజైమ్ వేడికి తట్టుకోలేదు, లినమరిన్ తట్టుకుంటుంది. కోయని దుంపను మరిగే నీటిలో వేస్తే, రెండూ కలుసుకోకముందే ఎంజైమ్ నశిస్తుంది. లినమరిన్ మాత్రం దుంపలోనే చాలావరకు మిగిలిపోతుంది. దుంప మెత్తగా ఉడుకుతుంది, రుచిగా ఉంటుంది, చూపుకు ఏ లోపమూ ఉండదు. మన కడుపులోకి చేరిన తరువాత పేగులలోని సూక్ష్మజీవులు ఆ ఎంజైమ్ చేయవలసిన పనిని చేస్తాయి. కాబట్టి మెత్తబడడం ఉడికినదానికి గుర్తే గాని విషం పోయినదానికి గుర్తు కాదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే ఈ వ్యాసంలో సగం గుర్తున్నట్టే.

ఆ తండ్రి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మిల్లులో దుంప తోలు తీస్తారు, కడుగుతారు, పిప్పి పిప్పి అయ్యేలా తురుముతారు, ఆ పిప్పిని నీటితో వడకట్టి పాలు తీస్తారు. పాలను తొట్లలో నిలవ ఉంచితే పిండి అడుగుకు దిగుతుంది, పైనీటిని పారబోస్తారు. ఆ పిండినే గుండ్లుగా చేసి వేయించి ఆరబెడతారు. కణాలు ఒక్కొక్కటీ పగిలి, నీటిలో కడగబడి, ఆ నీరు బయటకు పోయిన తరువాత మిగిలినది సగ్గుబియ్యం. అతని ఇంట్లో జరిగినది దీనికి సరిగ్గా ఎదురు. దుంపను నిలువునా రెండు చెక్కలు చేసి, పైనున్న గోధుమరంగు పొరను మాత్రం గీకి, అడుగు మునిగేటన్ని నీళ్ళు పోసి, మూత పెట్టి ఉడికించారు. పిల్లలు ఆకలికి తాళలేక గట్టిగా ఉండగానే తీసుకున్నారు. మిగిలిన నీటిని చిక్కగా ఉందని ఉప్పు వేసి పాపకు తాగించారట. నలుగురిలో అందరికంటె చిన్నది, అందరికంటె ఎక్కువ విషం తీసుకున్నది ఆ పాపే.

ఇక మా అమ్మాయికి ఫోనులో చెప్పినది చెప్పినట్టుగా మీకూ చెబుతాను.

మొదట తోలు. కర్రపెండలం తోలు ఒకటి కాదు, రెండు. బంగాళాదుంపకు వాడే పీలరుతో గీకితే పైనున్న పలుచని గోధుమరంగు పొట్టు మాత్రమే వస్తుంది. దాని కింద తెలుపుగానో గులాబీ రంగుగానో మరొక మందపాటి తోలు ఉంటుంది. లోపలి కండలో కంటె ఈ తోలులో విషం చాలా ఎక్కువ. ఈ రెండవ పొరను తీయకపోతే అసలు తోలు తీయనట్టే. తీయడం కష్టం కాదు. దుంపను కడిగి, రెండు కొనలనూ కోసి పారేసి, మూడు అంగుళాల పొడవు తుండ్లుగా కోయండి. ఒక్కొక్క తుండు మీద నిలువుగా, తోలు మందం మేరకు మాత్రమే కత్తితో ఒక గాటు పెట్టండి. ఆ గాటులో చాకు మొన దూర్చి పైకి లేపితే, తాజా దుంపకు రెండు పొరలూ కలిసి అరటితొక్క వలె ఊడివస్తాయి. కింద నున్నని తెల్లని కండ కనిపిస్తుంది. తొక్కలను పశువులకు వేయకండి. ఆ మేక సంగతి విన్నారు కదా.

తరువాత కోత. ప్రతి తుండును నిలువుగా చీల్చితే నడుమ పురికొస వంటి నార కనిపిస్తుంది. దానిని లాగి పారేయండి, అది ఎంత ఉడికించినా నమలబడదు. ఆ తరువాత ముక్కలు చేయండి. ఎంత చిన్నవి చేస్తే అంత మంచిది. ముక్క పరిమాణానికి ఇంత ప్రాధాన్యం ఎందుకో ఒక పోలికతో చెబుతాను. 50 గ్రాముల పెద్ద ముక్కలుగా ఉడికించినప్పుడు లినమరిన్‌లో సుమారు నాలుగవ వంతు మాత్రమే పోతుంది. అదే 2 గ్రాముల చిన్న ముక్కలుగా ఉడికిస్తే నాలుగింట మూడు వంతులు పోతుంది. దుంప అదే, పొయ్యి అదే, నీరు అదే. మారినది కత్తి పడిన లెక్క ఒక్కటే. 2 గ్రాములంటే చాలా చిన్న ముక్క. కూరకు అంత చిన్నగా బాగుండదనుకుంటే అర అంగుళం ముక్కలకు మించకుండా చూసుకోండి.

మూడవది నానబెట్టడం. దీని విషయంలో రెండు వేర్వేరు పనులను జనం ఒకటిగా అనుకుంటారు. చేదు దుంపలు ప్రధానాహారమైన ఆఫ్రికా పల్లెలలో తోలు తీసిన దుంపలను మూడు నాలుగు రోజులు నీటిలో ముంచి, పులిసి మెత్తబడేవరకు ఉంచుతారు. పులియడం వలన కణాల గోడలు కరిగిపోయి విషంలో చాలా భాగం విడిపోతుంది. మన ఇళ్ళలో గంటా రెండు గంటలు నానబెట్టడం ఆ పని చేయదు. కోయని దుంపను గంటసేపు నానబెడితే దాని మీది మట్టి పోతుంది, అంతకు మించి ఏమీ జరగదు. కాని చిన్న ముక్కలుగా తరిగిన తరువాత నానబెట్టడం వేరు. కోసిన చోట పుట్టిన సైనైడ్ నీటిలోకి దిగుతుంది, ఎంజైమ్‌కు పని చేయడానికి వ్యవధి దొరుకుతుంది. అందుచేత తరిగిన ముక్కలను పుష్కలంగా చన్నీటిలో వేసి రెండు గంటలు ఉంచి, నడుమ ఒకసారి నీరు మార్చి, చివరకు ఆ నీటిని పారబోయమని చెబుతాను. ఇది ఉడికించడానికి ముందు చేసే సాయమే గాని ఉడికించడానికి బదులు కాదు.

నాలుగవది ఉడకబెట్టడం. కిలో ముక్కలకు ఐదు లీటర్ల నీరు పట్టే గిన్నె తీసుకోండి. ముక్కలను మరుగుతున్న నీటిలో వేయకుండా చన్నీటిలోనే వేసి పొయ్యి మీద పెట్టండి. నీరు మెల్లగా వేడెక్కుతున్నంతసేపు ఎంజైమ్ తన పని చేస్తూ ఉంటుంది. మూత పెట్టవద్దు, వంటింటి కిటికీ తెరిచి ఉంచండి. తెర్లడం మొదలైన తరువాత ఇరవై ఐదు నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ముక్కలు అంచుల దగ్గర విచ్చి, గరిటెతో నొక్కితే నలగాలి. నడుమ సుద్దవలె గట్టిగా ఉంటే ఇంకా ఉడకాలి. అప్పుడు గంజి వార్చినట్టుగా నీటినంతా వార్చివేయండి. ఆ నీటిని పులుసులో పోయవద్దు, పిండి కలిసి చిక్కగా ఉన్నదని ఎవరికీ తాగించవద్దు. దుంప లోపలి నుంచి బయటకు వచ్చినదంతా అందులోనే ఉంది. కేరళలో కర్రపెండలాన్ని కప్ప అంటారు. అక్కడి గృహిణులు దానిని ఉడికించి నీటిని వార్చి, కొందరు మళ్ళీ కొత్త నీటిలో ఉప్పూ పసుపూ వేసి మరొకసారి ఉడికిస్తారు. రసాయన శాస్త్రం చదివి నేర్చుకున్నది కాదు అది. తరతరాలుగా తిని నేర్చుకున్నది.

"మరి కుక్కరులో తోలుతో పెడితే ఏమవుతుంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. పైన చెప్పిన నాలుగు పనులలో ఒక్కటీ జరగదు. తోలులోని విషం తోలులోనే ఉంటుంది, కండ కోయబడదు, వేడి ఒక్కసారిగా పెరిగి ఎంజైమ్ నశిస్తుంది, ఆవిరి బయటకు పోయే దారి తక్కువ, వార్చే నీరు లేదు. ఆవిరి మీద ఉడికించడం, నిప్పులలో కాల్చడం, పచ్చి ముక్కలను నేరుగా సాంబారులో వేయడం కూడా ఇటువంటివే. వేపుడు చేయాలన్నా, పులుసు పెట్టాలన్నా ముందు ఉడికించి, వార్చి, ఆ తరువాతనే చేయండి. పెద్ద నగరాలలోనూ విదేశాలలోనూ తోలు తీసి గడ్డకట్టించిన కర్రపెండలం సంచులలో దొరుకుతుంది. అది తోలు తీసినదే గాని ఉడికించినది కాదు. దానికీ ఇదే పద్ధతి.

ఇప్పుడు నల్లచారల సంగతికి వద్దాం. కర్రపెండలం భూమిలో ఉన్నంతకాలం నెలల తరబడి చెడదు. తవ్వి తీసిన తరువాత మాత్రం దుంపలన్నింటిలోకి త్వరగా చెడిపోయేది ఇదే. తీసేటప్పుడు తగిలిన గాయాల గుండా, చెట్టు నుంచి విరిచిన మెడ గుండా గాలి లోపలికి చేరి రెండు మూడు రోజులలోనే కండలోని నాళాల వెంబడి నీలి నలుపు చారలు మొదలవుతాయి. కోసిన వంకాయ గాలికి నల్లబడడం వంటి మార్పే ఇది. సైనైడ్‌కూ ఈ రంగుకూ సంబంధం లేదు. చార పడిన దుంప విషపూరితమైనది కాదు, వయసు మళ్ళినది. దాని రుచి తగ్గుతుంది, కొంత చేదు రావచ్చు, చారలున్న చోట ఎంత ఉడికించినా గట్టిగానే ఉంటుంది. ఆ పైన మరి కొద్ది రోజులకు బూజు, కుళ్ళు ప్రవేశిస్తాయి. అక్కడి నుంచి అది నిజంగానే తినరానిది.

చార విషం కానప్పుడు దానిని చూసి ఏరుకోవడం ఎందుకని అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, చార కుళ్ళుకు ముందు వచ్చే కబురు. రెండు, పాత దుంపకు తోలు కండను కరచుకొని ఉంటుంది, శుభ్రంగా ఊడిరాదు. గీకితే ముక్కలు ముక్కలుగా వచ్చి లోపలి పొర అక్కడక్కడ మిగిలిపోతుంది. పోవలసిన తోలు పోదు. ఆ విధంగా మాత్రమే చారకూ విషానికీ దూరపు చుట్టరికం ఉంది.

కొనేటప్పుడు చేత పట్టుకొని చూడండి. దుంప బిగువుగా, బరువుగా ఉండాలి. ఎక్కడ నొక్కినా మెత్తదనం తగలకూడదు. పారపోటు తగిలిన దుంప, తోలు లేచిపోయిన దుంప వద్దు. మెడ వైపు కాస్త కాడ ముక్క మిగిలి ఉన్నది మంచిది, ఆ దారి మూసి ఉన్నట్టే. గోటితో పై పొట్టును గీరితే కింది తోలు తడిగా ఉండాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి వాసన తప్ప పులుపు వాసన రాకూడదు. ఇవన్నీ సరిపోయినా లోపలి సంగతి పైకి తెలియదు. అందుచేత ఒక దుంపను విరిచి చూపించమని అమ్మేవారిని అడగండి. తెలిసిన వ్యాపారి తానే విరిచి చూపిస్తాడు. తాజాది పటుక్కున విరుగుతుంది, వంగి నారలు సాగదు. విరిగిన ముఖం మీద తోలు కిందుగా చుట్టూ చూడండి, ఆ తరువాత నడుమ నార చుట్టూ చూడండి. చారలు మొదట కనిపించే చోట్లు అవే. సన్నని కొన మాత్రమే విరిచి చూపిస్తే మోసపోవచ్చు. చెడడం తరచుగా లావుపాటి మెడ వైపు నుంచి మొదలవుతుంది గనుక అటు వైపు కూడా ఒక చెక్క కోయమనండి.

ఇంటికి తెచ్చిన తరువాత ఒక మూల ఒకటి రెండు చారలు మాత్రమే కనిపిస్తే, ఆ భాగాన్ని వెడల్పుగా కోసి పారేసి మిగిలినది వండుకోవచ్చు. చారలు కండంతా పరచుకుంటే, మెత్తబడితే, పుల్లని వాసన వస్తే, బూజు కనిపిస్తే మొత్తం పారేయండి. వండవలసిన రోజునే కొనడం అన్నింటికంటె మేలు. మిగిలితే తోలు తీసి, ముక్కలు చేసి, నీటిలో పూర్తిగా మునిగేలా ఫ్రిజ్‌లో పెట్టి రోజూ నీరు మార్చితే రెండు రోజులు ఉంటాయి. గాలి తగలకపోతే చార రాదు.

మరి విషం ఎక్కువ ఉన్న దుంపను గుర్తుపట్టడం ఎట్లా? రంగును బట్టి వీలుకాదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కిలో పచ్చి దుంపలో 50 మిల్లీగ్రాముల లోపు సైనైడ్ ఉంటే తీపి రకమనీ, మించితే చేదు రకమనీ అంటారు. తూకం వేసినట్టుగా దానిని ఇంట్లో కొలవలేము. పచ్చి ముక్కను నాలుక కొనకు తగిలించి వెంటనే ఉమ్మివేస్తే చేదు తెలుస్తుంది. చేదుగా ఉంటే ఆ దుంప మన వంటింటికి పనికిరాదు. అయితే చేదు లేనంత మాత్రాన నిశ్చింత లేదు, తీపి రకం కూడా వర్షాలు లేని ఏడాది ఎక్కువ విషాన్ని కూడగట్టుకుంటుంది. కనుక కూరకు అమ్మే బజారులోనే కొనండి. మిల్లుకు పోయే పంట పిండి దిగుబడి చూసి పెంచినది, పళ్ళెంలోకి అని పెంచినది కాదు. ఎక్కడ కొన్నా, ఎంత తెల్లగా ఉన్నా, తోలు, కోత, నీరు, వార్పు అన్న నాలుగింటిలో ఏదీ తగ్గించకండి.

తగ్గించేది సాధారణంగా అజ్ఞానం కాదు, తొందర. 1981లో మొజాంబిక్ దేశపు నంపులా ప్రాంతంలో కరవు వచ్చినప్పుడు వెయ్యిమందికి పైగా జనానికి, ముఖ్యంగా స్త్రీలకూ పిల్లలకూ, ఉన్నట్టుండి రెండు కాళ్ళూ బిగుసుకుపోయి నడక పోయింది. అక్కడ పనిచేస్తున్న హాన్స్ రోస్లింగ్ అనే స్వీడన్ వైద్యుడు, సహచరులూ కారణం వెదికారు. మిగతా పంటలు ఎండిపోయి చేదు కర్రపెండలం ఒక్కటే మిగిలింది. దానిని వారాల తరబడి ఎండబెట్టి తినడం వారికి తెలిసిన పద్ధతే. కాని ఆకలి ఆగనివ్వలేదు. ఆ వ్యాధిని కొంజో అంటారు. కాంగోలోని యాకా భాషలో ఆ మాటకు కట్టివేసిన కాళ్ళని అర్థం. పోయిన నడక మళ్ళీ పూర్తిగా రాదు. ఇంకొక సంగతి కూడా బయటపడింది. శరీరంలోకి వచ్చిన సైనైడ్‌ను మన దేహం గంధకంతో కలిపి హాని తక్కువైన పదార్థంగా మార్చి మూత్రంలో పంపివేస్తుంది. ఆ గంధకం మాంసకృత్తుల నుంచి రావాలి. పప్పు, గుడ్డు, చేప ఎరుగని దేహానికి ఆ శక్తి తక్కువ. మా మెట్టలో ఆ కుటుంబం వారమై అన్నం ఎరుగనిదన్న మాట నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. కేరళీయులు కప్పను చేపల పులుసుతో తినడంలో రుచి ఒక్కటే లేదు. దీనినే ఒక పూట భోజనంగా, ముఖ్యంగా చిన్నపిల్లలకు, ఒంటిగా పెట్టకండి.

ఒకవేళ తిన్న కొన్ని గంటలలోగా వాంతులు, కడుపునొప్పి, తలనొప్పి, తల తిరగడం, తూలడం, ఊపిరి వేగంగా ఆడడం కనిపిస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి. ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళగానే కర్రపెండలం తిన్నామని మీరే చెప్పండి. ఎట్లా వండారో కూడా చెప్పండి, మిగిలిన దుంప ఉంటే తీసుకువెళ్ళండి. వైద్యుడు దానికై అది ఊహిస్తాడని నమ్మకండి. నేను ఊహించలేదు. ఆ తల్లి నాకు జవాబు చేతిలో పెట్టింది, పాలవలె తెల్లని తాజా దుంపని చెప్పింది. నేను మాత్రం పాడైనదనే రాసుకున్నాను. ఆ ముప్పావు గంట ఇప్పటికీ నా లెక్కలోనే ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి మరొక ఫొటో పంపింది. పెద్ద గిన్నెలో చిన్న చిన్న ముక్కలు తెర్లుతున్నాయి, మూత లేదు, కిటికీ తెరిచి ఉంది. గట్టు మీద ఒక పక్క గులాబీ రంగు తోళ్ళ కుప్ప. చారలున్న దుంపలో సగం కూడా, చెడిన భాగం కోసివేసి, అదే గిన్నెలో వేసిందట. "వార్చాక ఎట్లా ఉందో చెబుతాను నాన్నా" అని రాసింది. సాయంత్రం చెప్పింది. పోపులో కొబ్బరి కాస్త ఎక్కువైందట, అంతకు మించి ఏమీ లేదు.